హెయిర్ ప్యాచ్ టోపీలా కనబడుతోందా? తప్పు పైన కాదు, పక్కన ఉంటుంది

ప్రశ్న: అన్నా, నాకు 45 ఏళ్లు, అనంతపురం. తల పైన జుట్టు మొత్తం పోయింది, చెవుల పైన, వెనకాల మాత్రమే మిగిలింది. పోయిన ఏడాది 19 వేలు పెట్టి ప్యాచ్ వేయించుకున్నా. టోపీ పెట్టుకున్నట్టు ఉందని ఇంట్లోవాళ్లే అన్నారు, మూడు నెలలకు తీసి బీరువాలో పెట్టేశా. మళ్లీ వేయించుకోవాలని ఉంది కానీ భయంగా ఉంది. రోజూ బైక్ మీద తిరిగే పని. చూసేవాళ్లకు తెలియకుండా ఉండాలంటే ఏ రకం తీసుకోవాలి?

సమాధానం:

ముందు సూటిగా చెప్తాను. మీకు కావాల్సింది ఇంతకన్నా ఖరీదైన ప్యాచ్ కాదు, మీ తలకు కొలత తీసి చేయించిన ప్యాచ్. బేస్ అంటే వెంట్రుకలు నాటి ఉండే అడుగు పొర. ముందు అంచున సన్నటి జాలీలాంటి లేసు, మిగతా చుట్టూ పాలీ అనే ప్లాస్టిక్ సన్నటి పట్టీ ఉన్న బేస్ తీసుకోండి. జుట్టు ఒత్తు 80, 90 శాతం దాటనివ్వద్దు. చెవుల పైన మీకు తెల్ల వెంట్రుకలుంటే ప్యాచ్‌లోనూ కొన్ని తెల్లవి కలిపించండి. క్లిప్పులు వద్దు, రెండు వైపులా అంటుకునే టేపు మీద పెట్టించుకోండి. పక్క జుట్టును మెషిన్‌తో మరీ కురచగా కొట్టించుకోవద్దు. టోపీలా ఉందని ఇంట్లోవాళ్లే అన్నారంటే మీ పాత ప్యాచ్‌లో కొలతో, పక్క జుట్టు కటింగో తప్పి ఉంటుంది. అది నేను చూడకుండానే చెప్పగలను.

నేను కర్నూలులో 17 ఏళ్లుగా ప్యాచ్‌లు అమరుస్తున్నాను. అంతకు ముందు మా నాన్న సెలూన్‌లోనే కత్తెర పట్టాను. వేరేచోట వేయించుకుని, నచ్చక, తీసి కవర్లో పెట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లు నెలకు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. ఆ కవర్లో ఉన్న జుట్టు చాలాసార్లు మంచి జుట్టే. తప్పు జుట్టులో ఉండదు.

బట్టతల పెరిగే కొద్దీ పక్క జుట్టు కిందికి దిగుతుంది

మగవాళ్ల బట్టతలను దశలుగా చెప్పడానికి నార్‌వుడ్ అనే డాక్టర్ 1975లో సవరించిన పట్టికనే ఇప్పటికీ ఎక్కువగా వాడతారు. అందులో ఏడు దశలున్నాయి. మీరు చెప్పినదాన్ని బట్టి మీది ఆరో ఏడో అయి ఉంటుంది. నాలుగో దశలో ఉన్నవాడికి పక్క జుట్టు ఇంకా ఎత్తుగా, తల గుండ్రం తిరిగే చోటి దాకా ఉంటుంది. ఏడో దశకు వచ్చేసరికి అది చెవి పైన రెండు మూడు వేళ్ల వెడల్పు పట్టీలాగా మిగులుతుంది. అంటే బట్టతల పైన మాత్రమే కాదు, పక్క గోడ మీదికి కూడా దిగివస్తుంది.

రెడీమేడ్‌గా దొరికే ప్యాచ్‌ల్లో తరచుగా కనబడే సైజు 8 బై 6. ముందు నుంచి వెనక్కి 8 అంగుళాలు, ఈ పక్క నుంచి ఆ పక్కకి 6 అంగుళాలు. నాలుగో దశ తలకు అది చక్కగా సరిపోతుంది. అదే ప్యాచ్‌ను ఏడో దశ తల మీద పెడితే దాని అంచు మీ జుట్టును చేరదు. మధ్యలో అంగుళం వెడల్పున బోడి చర్మం మిగిలిపోతుంది. అమర్చేవాడికి అది కనబడుతుంది, కానీ చేతిలో పెద్ద సైజు ఉండదు. అందుకని ప్యాచ్ జుట్టును పొడవుగా వదిలి, ఆ ఖాళీ మీదికి దువ్వి పంపిస్తాడు. కుర్చీలో కూర్చున్నంతసేపూ బాగానే ఉంటుంది. ఇంటికి వెళ్లేలోపు గాలికి ఆ జుట్టు లేస్తుంది, పైన ఒత్తుగా, పక్కన చూరులాగా బయటికి పొడుచుకొచ్చి నిలబడుతుంది. మీ ఇంట్లోవాళ్లు టోపీ అన్నది ఆ చూరునే.

ఇది మీ పాత ప్యాచ్‌తోనే తేల్చుకోవచ్చు. దాన్ని తల మీద పెట్టుకుని, జుట్టు బాగా తడిపి, వేళ్లతో వెనక్కి దువ్వండి. చెవికి పైన అద్దంలో చూడండి. ప్యాచ్ అంచుకూ మీ సొంత జుట్టుకూ మధ్య చర్మం కనబడితే సైజు చిన్నది. అక్కడ ఏ కటింగ్ చేసినా లాభం లేదు. చర్మం కనబడకుండా రెండూ కలిసే ఉన్నా పొడిగా ఉన్నప్పుడు మెట్టులా కనబడుతోందంటే సైజు సరిగ్గానే ఉంది, కటింగ్ సరిగ్గా లేదు. రెండోదయితే ఒక గంట పనితో పోతుంది. మొదటిదయితే కొత్తది చేయించాల్సిందే.

కొలత ఎలా తీయాలి

తలకు వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ రేకు బిగువుగా చుట్టి, దాని మీద ట్రాన్స్‌పరెంట్ టేపును అడ్డంగా, నిలువుగా ఐదారు పొరలు వేస్తాం. అది గట్టిపడి గిన్నెలా తయారవుతుంది. దాని మీద మార్కర్‌తో నాలుగు గీతలు పడాలి. ముందు హెయిర్‌లైన్ ఎక్కడ, రెండు కణతల మూలలు ఎక్కడ, మీ సొంత జుట్టు ఎక్కడ మొదలవుతోంది, వెనక సుడి ఎక్కడ. తర్వాత తీసి, కత్తిరించి, ఆ అచ్చునే తయారీదారుకు పంపుతాం. దాంతోపాటు మీ పక్క జుట్టులోంచి తీసిన ఒక పాయను కూడా పంపాలి. రంగు కోసమే కాదు, వెంట్రుక లావు ఎంత, వంపు ఎంత అనేది దాన్ని బట్టే తెలుస్తుంది. ఇలా చేయించింది రావడానికి రెండు నెలలు అటూ ఇటూ పడుతుంది. అంత ఓపిక లేకపోతే 10 బై 8 రెడీమేడ్ తెప్పించి అచ్చు ప్రకారం అంచులు కోసుకోవచ్చు. నేను చాలామందికి అలాగే చేస్తాను. కానీ 8 బై 6ను మాత్రం సాగదీయలేం.

ఇక్కడ ఒక చిన్న విషయం. పక్కన మీ జుట్టు మొదట్లో సన్నగా, పలచగా, నూగులా ఉంటుంది. అది జుట్టే కదా అని దాని మీద టేపు వేస్తే రెండు రోజులకే లేస్తుంది, తీసేటప్పుడు ఆ నూగు కూడా ఊడొస్తుంది. అక్కడ అర అంగుళం వెడల్పున గీసేసి, శుభ్రమైన చర్మం మీద టేపు కూర్చోబెట్టాలి. బేస్ అంచు సరిగ్గా మీ దిట్టమైన జుట్టు మొదలయ్యే చోట ఆగాలి. దాని మీదికి ఎక్కకూడదు.

క్లిప్పులు ఎందుకు వద్దన్నానో కూడా ఇందులోనే ఉంది. క్లిప్పు పట్టుకోవడానికి చుట్టూ గట్టి జుట్టు కావాలి. మీకు మిగిలిందే ఆ పట్టీ. రోజూ అదే చోట క్లిప్పు లాగుతూ ఉంటే ఏడాదిలో అక్కడ అచ్చంగా క్లిప్పు ఆకారంలో ఖాళీలు పడతాయి. అల్లి కుట్టే పద్ధతి కూడా అంతే, ఇంకా గట్టిగా లాగుతుంది. టోపర్లు, అంటే పలచబడిన చోట కప్పుకునే చిన్న ముక్కలు, సగం జుట్టు ఉన్నవాళ్లకు. మొత్తం తలను కప్పే విగ్గు చుట్టూ కూడా జుట్టు లేనివాళ్లకు. మీది రెండింటికీ మధ్యలోని కేసు.

ముందు అంచు: వయసుకు తగ్గ చోట

చాలామంది కుర్చీలో కూర్చోగానే ఫోన్ తీసి పెళ్లినాటి ఫొటో చూపిస్తారు. ఆ మనసు నాకు అర్థమవుతుంది. కానీ 25 ఏళ్ల హెయిర్‌లైన్‌ను 45 ఏళ్ల నుదుటి మీద పెడితే ముఖం అతకదు. ఎవరికీ కారణం తెలియదు, ఏదో తేడాగా ఉందని మాత్రం తెలుస్తుంది.

నేను ఇలా చూస్తాను. కనుబొమలు బాగా పైకెత్తమంటాను. నుదుటి మీద అన్నిటికన్నా పైన పడే ముడత ఎక్కడుందో చూసి, దానికి ఒకటిన్నర వేలు పైన మధ్య బిందువు పెడతాను. మామూలు ముఖానికి అది కనుబొమల మధ్య నుంచి మూడు అంగుళాలకు కొంచెం అటూ ఇటూగా వస్తుంది. అక్కడి నుంచి రెండు పక్కలా కణతల దగ్గర మూలలు వెనక్కి పోవాలి. గుండ్రంగా, గిన్నె బోర్లించి గీసినట్టు ఉండకూడదు. గీత కూడా తిన్నగా ఉండకూడదు. ఒకచోట రెండు వెంట్రుకలు ముందుకు, ఒకచోట కాస్త వెనక్కి, సొంత జుట్టులో ఎలా ఉంటుందో అలా.

మొదటి అర అంగుళంలో ఒత్తు ఎంత తక్కువైతే అంత మంచిది. ఒక్కో రంధ్రంలో ఒక్కో వెంట్రుకే ముడి వేసి, ఆ ముడులకు బ్లీచ్ చేయించాలి. బ్లీచ్ చేయని ముడులు దగ్గర నుంచి చూస్తే గీసిన గడ్డం మూడో రోజున కనబడినట్టు నల్ల చుక్కల్లా కనబడతాయి. మొత్తం ప్యాచ్‌కు బ్లీచ్ చేయించవద్దు. బ్లీచ్ వల్ల ముడి బలహీనపడి వెంట్రుకలు తొందరగా రాలతాయి. అది ముందు అర అంగుళానికే పరిమితం కావాలి. లేసు రంగు కూడా అడగండి. తెల్లటి పారదర్శక లేసు మన చామనఛాయ నుదుటి మీద ఎండలో బూడిద పూసినట్టు మెరుస్తుంది. గోధుమ రంగు లేసు మన చర్మంలో కలిసిపోతుంది.

ఒత్తు గురించి ఒక మాట. 120, 130 శాతం ఒత్తున్న ప్యాచ్ తెచ్చి, పల్చన చేసే కత్తెరతో తగ్గించుకుందాంలే అనుకుంటారు. ఆ కత్తెర వెంట్రుకలను మధ్యలో కోస్తుంది. వారం తర్వాత ఆ పొట్టి కొసలు పైకి లేచి నిలబడతాయి, జుట్టు ఇంకా ఉబ్బుతుంది. నేను మొదట్లో ఈ తప్పు చేశాను. ఒక పెళ్లికొడుకు అన్నయ్యకు పెళ్లికి రెండు రోజుల ముందు అలా పల్చన చేసి, ఫొటోల్లో ఆయన తల ముళ్లపందిలా రావడం చూసి చాలా బాధపడ్డాను. ఆయన ఏమీ అనలేదు. అప్పటి నుంచి తక్కువ ఒత్తుదే తెప్పిస్తున్నాను.

తెలుపు

45 ఏళ్ల మనిషికి సాధారణంగా కణతల దగ్గర ముందు నెరుస్తుంది, పైన తక్కువ ఉంటుంది. అందుకే పక్కన 30 శాతం తెల్లవి ఉంటే ప్యాచ్‌లో 10, 15 శాతం చాలు. మొత్తం నల్ల ప్యాచ్ పెట్టుకుని పక్క జుట్టుకు రంగు వేసుకునేవాళ్లు పది రోజులకొకసారి వేయాల్సిందే. లేదంటే చెవి పైన తెల్ల మొదళ్లు, దాని పైన కారునలుపు, మధ్యలో గీత గీసినట్టు తెలుస్తుంది. నలుపులో కూడా పూర్తి నలుపు వద్దు. షేడ్ కార్డులో వన్ బి అని ఉంటుంది, కొంచెం గోధుమ కలిసిన నలుపు. ఎండలో తిరిగే మన జుట్టు రంగు అదే.

ఒక జాగ్రత్త: ప్యాచ్‌లోని తెల్ల వెంట్రుకలు చాలావరకు సింథటిక్. వాటికి రంగు పట్టదు, వేడి డ్రయ్యర్ తగిలితే ముడుచుకుపోతాయి. తర్వాత నల్లగా వేసుకుందాంలే అని ఎక్కువ తెలుపు పెట్టించుకోవద్దు.

కడప సార్ కేసు

మీ ప్రశ్న చదవగానే నాకు గుర్తొచ్చింది ఈయనే. కడపలో కాలేజీలో లెక్కలు చెప్తారు, 51 ఏళ్లు. పాత ప్యాచ్ పెట్టుకునే వచ్చారు. క్లాసులో వెనక బెంచీల్లోంచి గుసగుసలు వినబడుతున్నాయని చెప్పి, కాసేపు మాట్లాడలేదు.

ప్యాచ్ తీసి కొలిచాను. తల మీద ఈ పక్క జుట్టు నుంచి ఆ పక్క జుట్టు దాకా 8 అంగుళాల పావు. ప్యాచ్ వెడల్పు 6. రెండు వైపులా అంగుళానికి పైగా ఖాళీ. ముందు అంచు కనుబొమల మధ్య నుంచి రెండుంబావు అంగుళాల మీదే మొదలైంది. ఒత్తు 130 ఉంటుంది. పక్క జుట్టు జీరో మెషిన్ కొట్టి ఉంది, దాని మీద ప్యాచ్ జుట్టు మూడు అంగుళాల పొడవు వేలాడుతోంది. పొడవులో అంత తేడా ఉంటే దేవుడొచ్చి కలిపినా కలవదు.

మొదట ఆయనకు చెప్పింది పక్క జుట్టు రెండు నెలలు పెంచమని. జుట్టు నెలకు అర అంగుళం దాకా పెరుగుతుంది, అంటే రెండు నెలలకు అంగుళం. ఈలోపు అచ్చు తీసి పంపాం. వచ్చింది తొమ్మిదిన్నర బై ఎనిమిదిన్నర, ముందు లేసు, ఒత్తు 80, తెలుపు 15 శాతం. హెయిర్‌లైన్‌ను మూడు అంగుళాలకు జరిపాను. కాలేజీ సెలవుల్లో పెట్టాం.

కటింగ్‌కు రెండు గంటలు పట్టింది. ముందు తల మీద అతికించి, తర్వాతే కత్తిరించాలి. బల్ల మీద పెట్టి కోస్తే తల వంపు తెలియదు. పై జుట్టు రెండున్నర అంగుళాలు ఉంచి, ప్యాచ్ అంచు దగ్గరికి వచ్చేసరికి అంగుళంన్నరకు దించి, కింద ఆయన సొంత జుట్టును అంగుళం దగ్గర కలిపాను. కలిసే చోట కత్తెర కాదు, రేజర్‌తో కొసలు చెక్కుతూ పోవాలి. అప్పుడే పై జుట్టు కింది జుట్టు మీద పొరలాగా పడుకుంటుంది. వెనక్కి దువ్వకుండా పక్క పాపిడి తీసి, ముందు కాస్త నుదుటి వైపు పడేలా వదిలాను. హెయిర్‌లైన్ మొత్తం తెరిచి చూపించే స్టైల్ అన్నిటికన్నా కష్టం. కొత్తలో అది వద్దు.

ఆరో రోజు ఫోన్ చేశారు, ముందు ఎడమ మూల లేచిందని. మే నెల, పైన ఎండ 42 డిగ్రీలు. చూస్తే చెమట లోపల నిలిచిపోయి టేపు మెత్తబడింది. నేను చుట్టూ ఖాళీ లేకుండా టేపు వేసి ఉన్నాను, చెమట పోవడానికి దారి లేదు. ముందు టేపు అలాగే ఉంచి, వెనక మెడ వైపు మూడు చోట్ల అర అంగుళం చొప్పున వదిలి మళ్లీ వేశాను. తర్వాత అలా లేవలేదు. ఆయన వేసవిలో పది రోజులకు, చలికాలంలో పద్దెనిమిది రోజులకు ప్యాచ్ తీసి శుభ్రం చేయించి మళ్లీ పెట్టించుకునే సర్వీసింగ్‌కు వస్తారు.

జూన్‌లో కాలేజీ తెరిచాక ఒక తోటి లెక్చరర్, "ఏం సార్, బరువు తగ్గారా?" అని అడిగారట. ఆయన నాకు ఫోన్ చేసి చెప్పిన మొదటి మాట అది.

మన ఎండ, మన నీళ్లు, మీ హెల్మెట్

మీరు రోజూ తిరిగే మనిషి కాబట్టి ఇది కొంచెం వివరంగా రాస్తున్నాను.

ప్యాచ్ జుట్టుకు మొదట్లోనే రసాయనాలు తగిలి ఉంటాయి, తల నుంచి నూనె అందదు. ఎండకు రెండు నెలల్లో ఎర్రబారుతుంది. రంగు వేయాల్సి వస్తే ప్యాచ్ తీసి, అమోనియా లేని రంగు, వెంట్రుకలకు మాత్రమే వేయించండి. బేస్‌కు అంటితే లేసు నల్లబడి ముందు అంచు బయటపడుతుంది. తల మీద ఉండగా రంగు వేయించుకోవద్దు.

అనంతపురం బోరు నీళ్ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. బకెట్ అంచున తెల్లగా పేరుకునే ఉప్పే ప్యాచ్ జుట్టు మీదా పేరుకుంటుంది. జుట్టు గరకుగా, జీవం లేకుండా, చిక్కులు పడి ఉంటే ప్యాచ్ పాడైందని అనుకుంటారు. ముందు నీళ్లు మార్చి చూడండి. ఉతికేది మామూలు నీళ్లతోనే ఉతికి, చివరి రెండు మగ్గులు క్యాన్ నీళ్లు పోయండి. వారానికి ఒకసారి సల్ఫేట్ లేని షాంపూ చాలు. కండిషనర్ కొసలకే రాయాలి. మొదళ్లకు తగిలితే ముడులు జారి వెంట్రుకలు ఊడతాయి. కొబ్బరినూనె పూర్తిగా మానాలి. నూనె టేపును ఒక్క రాత్రిలో వదిలిస్తుంది. అమ్మ చేత తలంటు పోయించుకునే అలవాటున్నవాళ్లకు ఈ మాట చెప్పడం నాకు కష్టంగానే ఉంటుంది, కానీ పండగకు తలంటు కావాలంటే ముందురోజు ప్యాచ్ తీసేయండి.

హెల్మెట్ కింద నేరుగా ప్యాచ్ ఉండకూడదు. పల్చటి కాటన్ టోపీ గానీ, బిగువుగా కట్టిన కాటన్ గుడ్డ గానీ పెట్టుకోండి. అప్పుడు హెల్మెట్ ఆ గుడ్డ మీద జారుతుంది, జుట్టును లాగదు. సాయంత్రం లోపలి గుడ్డ తడిసి ఉంటే రోజూ మార్చండి. ప్యాచ్ కొత్తగా అతికించిన రోజు మాత్రం బండి మీద తిరగొద్దు. మొదటి 24 గంటలు చెమట గానీ నీళ్లు గానీ తగలకుండా ఉంటే టేపు బాగా పట్టుకుంటుంది. కాబట్టి శనివారం సాయంత్రం వేయించుకుని ఆదివారం ఇంట్లో ఉండండి.

తీయడం, పెట్టడం మీరే నేర్చుకోండి

అత్యవసరంలో ఏ దుకాణమూ తెరిచి ఉండదు. అంచు చుట్టూ టేపు జిగురును వదిలించే రిమూవర్ చల్లి, ఐదు నిమిషాలు ఆగి, వెనక నుంచి ముందుకు మెల్లగా ఎత్తాలి. రాకపోతే మళ్లీ చల్లాలి తప్ప లాగకూడదు. లేసు చిరిగేది, చర్మం లేచేది అక్కడే. బేస్ మీది జిగురు పాత టూత్‌బ్రష్‌తో పోవాలి. తలను షాంపూతో కడిగి, పూర్తిగా ఆరాక, స్పిరిట్ దూదితో తుడిచి, చర్మం కాపాడే ద్రవం పల్చగా రాసి ఆరనివ్వాలి. పెట్టేటప్పుడు మాత్రం ముందు అంచుతో మొదలు. ముందు జుట్టు మొత్తం వెనక్కి పట్టుకుని, మధ్య బిందువు మీద ఒక్కసారే ఆనించి, అక్కడి నుంచి వెనక్కి పరుచుకుంటూ పోవాలి. ఒకసారి ఆనాక జరపొద్దు. అంతా అయ్యాక దువ్వెన వెనక వైపుతో రెండు నిమిషాలు నొక్కండి.

చర్మం మాట కూడా వినాలి. కొత్త టేపును వాడే ముందు ఒక ముక్క మోచేతి లోపలి వైపు అంటించి రెండు రోజులు చూడండి. సరిగ్గా టేపు ఆకారంలోనే ఎర్రబడి దురద పెడితే అది మీకు పడదు, ఇంకో రకానికి మారాలి. తల మీద పుండు, చీము కురుపు, పొట్టు లేచే మచ్చలు ఉంటే ముందు చర్మం డాక్టర్‌కు చూపించండి, మానాకే ప్యాచ్. షుగర్ ఉన్నవాళ్లు గీసేటప్పుడు గాట్లు పడకుండా చూసుకోవాలి. ఏది ఏమైనా సర్వీసింగ్‌కు ముందు రాత్రి ప్యాచ్ తీసేసి తలకు గాలి తగలనివ్వండి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో కురుపులు లేనివాళ్లంతా ఆ ఒక్క రాత్రి వదిలేవాళ్లే.

ఖర్చు ఒక్కసారిది కాదు, ఏడాదికి లెక్కేసుకోండి. ముందు లేసు ఉన్నది మన ఎండలో ఐదారు నెలలు వస్తుంది. పల్చటి ప్లాస్టిక్ పొరలాంటి స్కిన్ బేస్ ఇంకా సహజంగా ఉంటుంది, కానీ రెండు మూడు నెలలకే అయిపోతుంది, చెమట కూడా లోపలే ఆగుతుంది. గట్టి జాలీతో చేసిన మోనో బేస్ ఏడాది వస్తుంది, ముందు అంచు మాత్రం దాగదు. రోజూ ఎండలో తిరిగే మీకు లేసు చెప్పింది అందుకే. ఏడాదికి రెండు ప్యాచ్‌లు, ఇరవై అయిదు సర్వీసింగ్‌లు అయ్యే ఖర్చు మోయగలరనుకుంటేనే మొదలుపెట్టండి. ఒక్కటి కొని దాన్నే ఏడాదిన్నర లాగేవాళ్ల ప్యాచే బజార్లో అందరికీ తెలిసిపోతుంది.

మనవైపు తప్పకుండా వచ్చే ఇంకో సమస్య మొక్కు. తిరుమలలో తలనీలాలు ఇస్తే పక్క జుట్టు పోతుంది, దాంతో ప్యాచ్ కలవడానికి ఏమీ మిగలదు. పక్కన మళ్లీ అంగుళం పెరిగేదాకా, అంటే రెండు నెలలు, ప్యాచ్ లేకుండానే ఉండాలి. ప్రొద్దుటూరు ఆయన ఒకరు దీన్నే మంచి అవకాశంగా వాడుకున్నారు. ప్యాచ్ అంటే భయపడుతూ ఏడాది ఆలోచించి, మొక్కు తీర్చుకుని గుండుతో వచ్చారు. రెండు నెలలు గుండుతోనే తిరిగి, జుట్టు పెరుగుతున్న మనిషిలాగా మొదట కురచ ప్యాచ్, తర్వాత కాస్త పొడవుది పెట్టుకున్నారు. చూసేవాళ్లకు ఒక్కసారిగా మారినట్టు అనిపించలేదు. మీకూ మొక్కు ఏదైనా ఉంటే ముందు అది తీర్చుకుని తర్వాత కొలతకు వెళ్లండి.

మొక్కు లేకపోతే ఈ రోజు నుంచే పక్క జుట్టు కత్తిరించడం ఆపండి, దానికి రంగు కూడా వేయొద్దు. ఆరు వారాల తర్వాత, తెల్లవి నల్లవి ఎంతెంతో బయటపడ్డాక, అచ్చు తీయించుకోండి. ఎవరి దగ్గరికి వెళ్లినా రెడీమేడ్ సైజు చెప్పేముందు వాళ్లు కొలత టేపు తీసి చెవి నుంచి చెవి దాకా బోడి ఎంత ఉందో కొలుస్తున్నారో లేదో చూడండి. కొలవకుండానే 8 బై 6 సరిపోతుందంటే లేచి వచ్చేయండి. బీరువాలో ఉన్న పాతది పారేయొద్దు, వెంట తీసుకెళ్లండి. మీ తల మీద అది ఎంత తక్కువ పడిందో కొత్తగా కొలిచేవాళ్లకు దాన్ని చూస్తేనే తెలుస్తుంది.